ఎముక ఎందుకు విరిగింది?

వృద్ధాప్యంలో ఎముకలు బలహీనపడటం మానవజాతికి కొత్త సంగతి కాదు. జకరియ్యా ప్రవక్త (అలైహిస్సలాం) తన ప్రభువును మెల్లని స్వరంతో వేడుకున్నప్పుడు తన ముసలితనం గురించి మొట్టమొదట విన్నవించుకున్నది ఎముకల బలహీనతనే. దివ్యఖుర్ఆన్‌లోని మర్యమ్ సూరా ప్రారంభంలో ఆ ప్రస్తావన ఉంది. అందువల్లనే కాబోలు, ఇంట్లో పెద్దవారు నడుము నొప్పి అనో, తొడ లాగుతోందనో అన్నప్పుడు మనం ఆశ్చర్యపోము. "వయసు మీద పడింది కదా" అనుకుంటాము. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. అయితే ఆ మాట దగ్గరే ఆగిపోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఎలా గుర్తించాలో మా తల్లిగారి అనారోగ్యం మాకు నేర్పింది. తెలుసుకున్నది తెలుసుకున్నట్లు ఇక్కడ వ్రాస్తున్నాము.

మేము ముగ్గురం తోబుట్టువులం. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక తమ్ముడు. మా అమ్మీ తమ్ముడి దగ్గర ఉంటారు. 2023 ఫిబ్రవరిలో, అప్పటికి ఆమెకు 71 సంవత్సరాలు, ఒకరోజు వుజూ కోసం నీళ్ళ బకెట్టును కొంచెం పక్కకు జరపబోయారు. నడుము పైభాగంలో ఏదో కలుక్కుమన్నట్లయింది. జారిపడలేదు, దెబ్బ తగలలేదు. మరునాటికి మంచం మీద నుంచి లేవటమే కష్టమైంది. తమ్ముడి కొడుకు ఆమెను పట్టణంలోని ఒక ఎముకల వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఎక్స్‌రేలో నడుము భాగపు మొదటి వెన్నుపూస ముందువైపు నలిగి, గూటంలా పలుచబడి కనిపించింది. మిగిలిన ఎముకలు కూడా పలచగానే ఉన్నాయి. "ఎముకలు గుల్లబారాయి, అందుకే పూస విరిగింది" అని వైద్యుడు చెప్పి, నొప్పి మాత్రలు, కాల్షియం, విటమిన్ డి, నడుముకు బెల్టు వ్రాసి ఇచ్చారు.

ఈ నిర్ధారణలో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. బోలు ఎముకల వ్యాధి అని మనం పిలుచుకునే ఆస్టియోపొరోసిస్ ముట్లుడిగిన స్త్రీలలో ఎంతో సాధారణం. అది ముదిరిన వారికి పడకుండానే, ఒక బరువు ఎత్తినందుకో, గట్టిగా దగ్గినందుకో వెన్నుపూస నలిగిపోవచ్చు. అయితే ఆ వ్యాధి గురించి చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. గుల్లబారిన ఎముక తనంతట తాను నొప్పి పెట్టదు. సంవత్సరాల తరబడి ఎముక లోపల సారం తరిగిపోతున్నా మనిషికి ఏమీ తెలియదు. విరిగినప్పుడే నొప్పి మొదలవుతుంది. కాబట్టి "ఎముకలు గుల్లబారాయి, అందుకే నొప్పి" అన్నప్పుడు మనం మరో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ ఎముక విరిగింది? ఆ విరిగిన తీరుకు గుల్లతనం ఒక్కటే చాలుతుందా?

మొదటి ప్రశ్నకు ఎక్స్‌రే జవాబు చెప్పింది. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినది ఆ నొప్పి నడచిన తీరు.

ఇక్కడ మా కుటుంబంలోనే జరిగిన మరొక ఉదంతం పోల్చి చెప్పవలసి ఉంది. మా మేనమామగారికి 78వ ఏట బియ్యం బస్తా కదిలించబోయి ఇలాగే వెన్నుపూస నలిగింది. మొదటి రెండు వారాలు ఆయన విలవిలలాడారు. కాని వెల్లకిలా పడుకుంటే నొప్పి నెమ్మదించేది. లేచి కూర్చుంటే, నిలబడితే మళ్ళీ వచ్చేది. నాలుగో వారానికి కర్ర సాయంతో మసీదుకు వెళ్ళసాగారు. రెండు నెలలు దాటేసరికి నొప్పి చాలావరకు పోయింది, నడుము కొంచెం వంగింది. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో ఆయన టీ-స్కోరు మైనస్ 3.1 వచ్చింది. మైనస్ 2.5 గాని, అంతకన్నా తక్కువ గాని వస్తే బోలు ఎముకల వ్యాధి ఉన్నట్లు లెక్క. ఉబ్బసానికి ఎన్నో ఏళ్ళుగా స్టెరాయిడ్ మాత్రలు వాడటం ఆయన ఎముకలు క్షీణించడానికి ప్రధాన కారణమని వైద్యులు తేల్చారు. సంవత్సరానికి ఒకసారి నరంలోకి ఎక్కించే మందు మొదలుపెట్టారు. మళ్ళీ ఎముక విరగలేదు.

గుల్లతనం వల్ల విరిగిన పూస నొప్పి సాధారణంగా ఇలా నడుస్తుంది. ఒక క్షణంలో మొదలవుతుంది. పడుకుంటే తగ్గుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాలలో మెట్టు మెట్టుగా దిగుతుంది. విరిగిన ఎముక అతుక్కుంటున్నది గనుక నొప్పి కూడా సెలవు తీసుకుంటుంది.

అమ్మీ నొప్పి అలా నడవలేదు.

ఆ సంవత్సరం రమజాను నెల మార్చి 24న మొదలైంది. ఉపవాసాలకు కొద్దిరోజుల ముందు మేము అక్కచెల్లెళ్ళం పుట్టింటికి చేరాము. అప్పటికి పూస విరిగి ఆరు వారాలు దాటింది. అమ్మీ రాత్రి రెండు గంటలకే లేచి జానమాజుపై కూర్చోవటం చూశాము. తహజ్జుద్ నమాజు ఆమెకు ఏనాటి నుంచో అలవాటు. కాని ఈసారి ఆమె సహరీ వేళ వరకు అలా కూర్చునే ఉన్నారు, గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకొని. అడిగితే, "పడుకుంటే నొప్పి ఎక్కువవుతోంది బేటీ. ఎలాగూ నిద్ర పట్టదు, ఆ సమయాన్ని అల్లాహ్‌కు ఇస్తున్నాను" అన్నారు.

పడుకుంటే తగ్గవలసిన నొప్పి పడుకుంటే పెరుగుతోంది. వారాలు గడిచేకొద్దీ తగ్గవలసినది హెచ్చుతోంది. చేతి గాజులు మోచేతి వరకు జారుతున్నాయి, అంటే ఒళ్ళు తగ్గుతోంది. మొదట నడుములో మాత్రమే ఉన్న నొప్పి ఇప్పుడు కుడివైపు పక్కటెముకలలో, ఎడమ తుంటిలో కూడా ఉంది. వీటిలో ఏ ఒక్కటి విడిగా చూసినా పెద్ద విషయంగా కనిపించదు. నాలుగూ కలిసినప్పుడు మాత్రం వాటిని వయసు ఖాతాలో వేయలేము.

ఐదవ విషయం ఒకటి ఉంది. 2012లో అమ్మీకి ఎడమ రొమ్ములో గడ్డ వస్తే శస్త్రచికిత్స జరిగింది. అది క్యాన్సర్ గడ్డ. తర్వాత ఐదేళ్ళు హార్మోను మాత్రలు వాడారు. 2017లో మాత్రలు ఆపేశారు. అన్ని పరీక్షలూ బాగున్నాయి. ఎముకల వైద్యుని దగ్గరకు ఆమెను తీసుకువెళ్ళిన మనుమడు ఆ శస్త్రచికిత్స నాటికి తొమ్మిదేళ్ళ పిల్లవాడు. దాదీకి ఏ ఆపరేషన్ జరిగిందో అతనికి తెలియదు. వైద్యుడు పాత జబ్బుల గురించి అడగలేదు. అమ్మీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని అడిగితే ఆమె ఆశ్చర్యపోయారు. "పదకొండేళ్ళ కిందటి మాట అది. నడుముకూ దానికీ సంబంధం ఏమిటి? పైగా ఆయన మగ డాక్టరు."

ఆమె మాటలో రెండు కారణాలు ఉన్నాయి. రెండూ మన ఇళ్ళల్లో చాలామంది స్త్రీల మనసులో ఉండేవే. సిగ్గు, బిడియం విశ్వాసంలో భాగమని మనం నేర్చుకున్నాము. అయితే వైద్యునికి అవసరమైన సంగతి చెప్పటం సిగ్గుకు విరుద్ధం కాదు. నోటితో చెప్పటం కష్టమైతే కాగితం మీద వ్రాసి ఇవ్వవచ్చు, పాత ఆసుపత్రి చీటీని బల్లమీద పెట్టవచ్చు. ఒక్క వాక్యం చాలు.

రెండవ కారణం, అంటే "పదకొండేళ్ళయింది కదా" అన్నది, వివరంగా చూడవలసినది. రొమ్ము క్యాన్సర్‌లో ఒక రకం ఉంది. ఈస్ట్రోజన్ హార్మోనును ఆధారం చేసుకొని పెరిగే రకం అది. తొలి చికిత్స తర్వాత ఏళ్ళ తరబడి మౌనంగా ఉండి, పది, పదిహేను, ఒక్కొక్కసారి ఇరవై సంవత్సరాల తర్వాత కూడా మళ్ళీ కనిపించే స్వభావం దానికి ఉంది. అలా తిరిగి వచ్చినప్పుడు అది ఎక్కువగా చేరే చోటు ఎముక. రొమ్ము క్యాన్సర్ ఒక్కటే కాదు, పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్, ఇద్దరిలోనూ ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, థైరాయిడ్ క్యాన్సర్లు ఎముకలకు పాకే గుణం కలవి. మైలోమా అనే రక్తకణాల క్యాన్సర్ అయితే ఎముక మూలుగలోనే పుడుతుంది. కొందరిలో ఎముక నొప్పే క్యాన్సర్‌కు తొలి లక్షణం. అంతకు ముందు ఏ గడ్డా కనిపించి ఉండదు.

ఎముకనే ఎందుకు ఎంచుకుంటుంది? ఇది అర్థం కావాలంటే ఎముక స్వభావం తెలియాలి. ఎముక రాయి వంటి జడపదార్థం కాదు. అందులో రెండు రకాల పనివారు జీవితాంతం పనిచేస్తూ ఉంటారు. ఒక రకం కణాలు పాతబడిన ఎముకను కరిగించి తీసివేస్తాయి. మరో రకం కణాలు ఆ గుంటలో కొత్త ఎముకను కడతాయి. పడుచుతనంలో కూల్చేది, కట్టేది సమానంగా ఉంటాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గిపోయి, కూల్చే కణాలకు పగ్గం సడలుతుంది. కట్టేదానికన్నా కూల్చేది ఎక్కువవుతుంది. ఇదే బోలు ఎముకల వ్యాధి. ఇల్లంతా గోడలు ఒకే తీరున పలచబడినట్లు, శరీరంలోని ఎముకలన్నీ నెమ్మదిగా పలచబడతాయి.

క్యాన్సర్ కణం రక్తంతోపాటు మూలుగలోకి చేరినప్పుడు తాను స్వయంగా ఎముకను తినదు. అక్కడి కూల్చే కణాలను రెచ్చగొడుతుంది. అవి ఎముకను కరిగిస్తాయి. కరిగిన ఎముకలో నుంచి ఎదుగుదలకు తోడ్పడే పదార్థాలు వెలువడతాయి. వాటిని తిని క్యాన్సర్ కణాలు ఇంకా పెరుగుతాయి. పెరిగినవి మరింత రెచ్చగొడతాయి. ఇక్కడ గోడలన్నీ పలచబడటం లేదు, ఒకటి రెండు చోట్ల చెదపురుగు పట్టినట్లు గుంటలు పడుతున్నాయి. చివరకు ఆ చోట ఎముక నలిగితే ఎక్స్‌రేలో కనిపించేది మాత్రం ఒకే దృశ్యం, నలిగిన పూస. గుల్లతనం వల్ల నలిగిందా, చెద వల్ల నలిగిందా అన్నది ఆ బొమ్మ చాలాసార్లు చెప్పలేదు. ఒకచోట ఎముక సారం మూడోవంతు నుంచి సగం దాకా పోతే తప్ప మామూలు ఎక్స్‌రేలో గుంట స్పష్టంగా కనిపించదు. అందుకే ఎక్స్‌రే బాగుందన్నంత మాత్రాన నొప్పికి కారణం లేదని కాదు. ఎక్స్‌రేలో పూస విరిగి కనిపించినంత మాత్రాన కారణం దొరికిపోయిందనీ కాదు.

అమ్మీ పాత కాగితాలు ఆమె ట్రంకు పెట్టెలో, పెళ్ళినాటి దుప్పట్టా అడుగున భద్రంగా ఉన్నాయి. 2012 నాటి బయాప్సీ రిపోర్టు కూడా ఉంది. వాటిని తీసుకొని జిల్లా కేంద్రంలో ఒక మహిళా వైద్యురాలి దగ్గరకు వెళ్ళాము. ఆమె అమ్మీ వెన్నెముక పొడవునా వేళ్ళతో మెల్లగా తట్టి చూశారు. నడుము దగ్గర మాత్రమే కాక, వీపు మధ్యలో మరొక పూసపై తట్టినప్పుడు కూడా అమ్మీ ముఖం ముడుచుకున్నారు. తర్వాత కాళ్ళలో బలం పరీక్షించారు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, మూత్రం, మలం మామూలుగా వస్తున్నాయా అని అడిగారు. ఆ తర్వాతే రక్త పరీక్షలు వ్రాశారు.

హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఈఎస్ఆర్ 90 దాటింది. ఎముకల్లో కూల్చటం, కట్టటం జోరుగా సాగుతుంటే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా హెచ్చింది. రక్తంలో కాల్షియం 11.2 ఉంది. అది 10.5 దాటకుండా ఉండాలి. మైలోమాను పట్టి ఇచ్చే ప్రొటీన్ పరీక్షలో మాత్రం దోషం కనిపించలేదు. ఈ అంకెలలో వైద్యురాలు మాకు ముఖ్యంగా చూపించినది కాల్షియం. ఎముక కరిగి రక్తంలో కలుస్తున్నది గనుక కాల్షియం పెరిగింది. అమ్మీకి కొన్నాళ్ళుగా ఉన్న మలబద్ధకం, అతిదాహం, మగతకు అదే కారణం కావచ్చునన్నారు. ఆరు వారాలుగా వాడుతున్న కాల్షియం మాత్రలను ఆరోజే ఆపించారు. ఎముక నొప్పి అనగానే కాల్షియం మాత్రలు కొనుక్కొని మింగటం మన వాడుక. రక్తంలో అది ఎంత ఉందో ఒకసారి చూసుకోవటం ఎందుకు అవసరమో మాకు అప్పుడు అర్థమైంది.

వెన్నెముక మొత్తానికి ఎంఆర్ఐ తీశారు. అందులో మూడు పూసలలోను, ఎడమ తుంటి ఎముకలోను మచ్చలు కనిపించాయి. విరిగిన పూస వెనుక గోడ ఉబ్బి ఉంది. గుల్లతనంతో నలిగిన పూస సాధారణంగా ముందువైపే కుంగుతుంది. వెనుక గోడ ఇలా ఉబ్బటం, పూసకు రెండు పక్కల ఉండే కొమ్ములలోకి కూడా దోషం పాకటం క్యాన్సర్‌ను అనుమానించవలసిన గుర్తులు. వెన్నుపాము మీద మాత్రం ఇంకా ఒత్తిడి పడలేదు. అల్‌హమ్దులిల్లాహ్.

అప్పటికే అందరికీ విషయం అర్థమైనట్లే ఉంది. అయినా సూదితో ఎముక ముక్క తీసి పరీక్షించాలని వైద్యులు పట్టుబట్టారు. "తెలిసిపోయిన దానికి ముసలామెను ఇంకా బాధపెట్టటం ఎందుకు?" అని బంధువులు కొందరు అన్నారు. వైద్యులు చెప్పిన కారణాలు సబబైనవి. పాత క్యాన్సర్ ఉన్నంత మాత్రాన కొత్త మచ్చ దానిదే అని చెప్పలేము. అది వేరే క్యాన్సర్ కావచ్చు, వెన్నెముకకు పట్టిన క్షయ కావచ్చు. మన దేశంలో క్షయ అరుదు కాదు. పైగా పాత క్యాన్సరే తిరిగి వచ్చినా, పదకొండేళ్ళలో దాని గుణం మారి ఉండవచ్చు. గుణాన్ని బట్టి మందు. ముక్క పరీక్షలో తేలింది: పాత రొమ్ము క్యాన్సరే, ఈస్ట్రోజన్ మీద ఆధారపడే గుణం అలాగే ఉంది. విషాదంలోనే ఒక వెసులుబాటు అది. మాత్రలతో అదుపు చేయగల రకం.

అమ్మీకి చెప్పాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు తర్జనభర్జన జరిగింది. ఆ చర్చను ముగించినది ఆమే. వైద్యురాలిని నేరుగా అడిగారు. ఆమె నేరుగానే చెప్పారు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అణచి ఉంచగల జబ్బు, నొప్పిని మాత్రం చాలావరకు తీసివేయగలము అని. అమ్మీ కొంతసేపు మౌనంగా ఉండి, ఆరోజు రాత్రి తమ్ముణ్ణి పిలిచి తనకు ఎవరెవరు బాకీ ఉన్నారో, తాను ఎవరికి బాకీ ఉన్నారో వ్రాయించారు. ఇకపై ఉంచలేని రోజాలకు బదులుగా రోజుకు ఒక నిరుపేదకు అన్నం పెట్టే ఫిద్యా లెక్క కట్టించారు. దాచి ఉంచితే ఆ పనులు ఆమె చేసుకునేవారు కారు.

చికిత్స నాలుగు అంగాలుగా సాగింది. ఎక్కువ నొప్పి ఉన్న పూసకు ఐదు రోజులు రేడియేషన్ ఇచ్చారు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి కొంచెం హెచ్చింది. ఇలా జరగవచ్చునని ముందే చెప్పారు. మూడవ వారానికి అమ్మీ పడుకొని నిద్రపోగలిగారు. రెండవది, శరీరంలో ఈస్ట్రోజన్ తయారీని ఆపే లెట్రోజోల్ అనే రోజువారీ మాత్ర. మూడవది, కూల్చే కణాలను అణచే జోలెడ్రోనిక్ ఆమ్లం అనే ఇంజెక్షన్. మా మేనమామగారికి ఏడాదికి ఒకసారి ఇచ్చే మందు కూడా ఇదే. ఆయనకు సంవత్సరానికి 5 మిల్లీగ్రాములు, అమ్మీకి 4 మిల్లీగ్రాముల చొప్పున మొదట నెలకొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి. జబ్బులు వేరైనా ఎముకను కూల్చే చేయి ఒకటే గనుక దాన్ని పట్టుకునే మందూ ఒకటే. ఈ మందు మొదలుపెట్టే ముందు మూత్రపిండాల పనితీరు చూశారు. పళ్ళ డాక్టరు దగ్గరకు పంపి పుచ్చిపోయిన రెండు పళ్ళు తీయించి, చిగుళ్ళు మానేదాకా ఆగారు. మందు వాడే కాలంలో పన్ను పీకిస్తే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం కొందరికి ఉంటుంది.

నాలుగవది నొప్పి మందు. మొదటి వారాలలో మార్ఫిన్ మాత్రలు అవసరమయ్యాయి. అమ్మీ మాత్ర చేతిలో పట్టుకొని, "ఇది మత్తు పదార్థం కాదా?" అని సంకోచించారు. తమ్ముడు మసీదు ఇమామ్ గారిని అడిగి వచ్చాడు. మత్తు కోసం కాక, వైద్యుని పర్యవేక్షణలో, వేరే మందుకు లొంగని బాధకు అవసరమైనంత మేరకు వాడటంలో దోషం లేదని ఆయన చెప్పారు. అప్పుడే ఆమె మింగారు. దానితో వచ్చే మలబద్ధకానికి మొదటి రోజు నుంచే విరేచనం మందు కూడా ఇచ్చారు. రేడియేషన్ పనిచేశాక మార్ఫిన్ మోతాదును మెల్లగా తగ్గించి ఆపేశారు.

నమాజు విషయంలో ఆమెకు మరో బెంగ ఉండేది. విరిగిన పూస ఉన్నవారు నడుము ముందుకు వంచకూడదు, వంచితే పూస ముందు భాగంపై భారం పడుతుంది. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) అనుమతించిన సంగతి అందరికీ తెలిసినదే. అమ్మీ ఇప్పుడు వీపు ఆనే కుర్చీలో కూర్చొని, రుకూకు తల కొంచెం, సజ్దాకు మరికొంచెం వంచి సైగతో నమాజు చేస్తున్నారు. తహజ్జుద్ మానలేదు. ఇప్పుడు నొప్పి లేపితే కాదు, అలారం మోగితే లేస్తున్నారు.

ఇదంతా చదివి, నడుము నొప్పి ఉన్న ప్రతి పెద్దావిడకూ క్యాన్సర్ ఉందేమోనని పాఠకులు కలవరపడవద్దు. పెద్దవారి నడుము నొప్పులలో ఎక్కువభాగం కండరాలవి, కీళ్ళ అరుగుదలవి. పడకుండా విరిగిన పూసలలో ఎక్కువభాగం గుల్లతనం వల్ల విరిగినవే. ఎండ తగలక విటమిన్ డి బాగా తగ్గినా ఒళ్ళంతా ఎముకలు నొప్పి పెడతాయి, నేల మీద నుంచి లేవటం కష్టమవుతుంది. నాలుగు గోడల మధ్యే గడిపే మన ఇంటి ఆడవారిలో దీన్ని కూడా చూసుకోవాలి. అది మందుతో పూర్తిగా నయమవుతుంది. చుట్టుపక్కల ఇచ్చే పేరులేని పొడులు, మాత్రలు వాడుతున్నవారు వాటిలో స్టెరాయిడ్ ఉండవచ్చునని గుర్తుంచుకోవాలి. అది ఒకవైపు నొప్పిని మరిపిస్తూ మరోవైపు ఎముకను తినివేస్తుంది.

కాబట్టి భయపడటం కాదు, గమనించటం కావాలి. పెద్దవారిని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళే ముందు ఒక కాగితం మీద ఈ విషయాలు వ్రాసుకొని వెళ్ళండి. నొప్పి ఏ రోజు, ఏం చేస్తుండగా మొదలైంది. పడుకుంటే తగ్గుతోందా, పెరుగుతోందా, రాత్రి నిద్ర లేపుతోందా. ఆరు వారాలలో తగ్గిందా. కొత్త చోట మొదలైందా. బరువు, ఆకలి తగ్గాయా. వాడుతున్న మందులు ఏమిటి. అన్నిటికన్నా పైన, ఎన్నేళ్ళ కిందటిదైనా సరే, ఎప్పుడైనా గడ్డకు ఆపరేషన్ జరిగిందా. వారి వెంట వెళ్ళేది మనుమడైనా, మనుమరాలైనా ఈ కాగితం చేతిలో ఉంటే చాలు.

రెండు సందర్భాలలో మాత్రం కాగితం వ్రాస్తూ కూర్చోకూడదు. వెన్ను నొప్పితోపాటు కాళ్ళు బలహీనపడి తడబడుతున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, అది వెన్నుపాము నలుగుతోందనటానికి గుర్తు. ఆరోజే, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి చేర్చాలి. నడిచే శక్తి పోయాక మొదలుపెట్టిన చికిత్స దాన్ని తిరిగి తెచ్చేది తక్కువ, నడవగలిగిన స్థితిలో మొదలుపెడితే ఆ శక్తి నిలిచే అవకాశం ఎక్కువ. అలాగే, క్యాన్సర్ చరిత్ర ఉన్నవారికి కాలు మోపినప్పుడల్లా తొడలో లోతుగా నొప్పి పుడుతుంటే, ఎముక విరగక ముందే ఎక్స్‌రే తీయించాలి. విరగబోయే తొడ ఎముకలో ముందే రాడ్డు వేయటం, విరిగాక వేయటం కన్నా ఎంతో తేలిక.

అమ్మీ జబ్బు బయటపడి రెండేళ్ళు దాటింది. మూడు నెలలకొకసారి ఇంజెక్షన్‌కు వెళ్ళినప్పుడు తన పాత కాగితాల కవరును ఎవరి చేతికీ ఇవ్వరు. వైద్యుడు కొత్తవారైతే, మగవారైనా సరే, కూర్చోగానే దాన్ని బల్లమీద పెడతారు.